బెంగ గురించి 800 మాటల్లో రాయాలి, ‘అమ్మ గుర్తొచ్చింది’ అన్నాక కలం కదలట్లేదు

కొత్తపెన్ను (శనివారం, రాత్రి 11:40)

అందరికీ నమస్కారం. డాలస్ దగ్గర ఎం.ఎస్. చదువుతున్నాను, ఇది మొదటి సెమిస్టరు. ఇక్కడి తెలుగు సంఘం వాళ్ళ సంక్రాంతి సంచికకి ఒక రచన పంపాలి. కథైనా, వ్యాసమైనా ఫర్వాలేదుట. 800 మాటలు దాటకూడదు. విషయం: పరాయి దేశంలో ఇంటి మీద బెంగ. మొదటి పేరా ఇలా వచ్చింది:

> మాతృభూమిని వదిలి సప్తసముద్రాలు దాటి వచ్చి మూడు నెలలైంది. నవంబరు నెల. రాత్రి తొమ్మిది గంటలకు కిటికీలోంచి బయటకు చూస్తుంటే అమ్మ గుర్తొచ్చింది. అమ్మ చేతి ముద్దపప్పు, ఆవకాయ, వాకిట్లో ముగ్గులు, పెరట్లో మామిడిచెట్టు అన్నీ కళ్ళముందు కదిలాయి. వెంటనే ఫోన్ చేశాను. అమ్మ భోంచేసి పడుకోబోతోంది. “తిన్నావా నాన్నా?” అంది. నా కళ్ళు చెమర్చాయి. “డిసెంబరులో ఇండియా వెళ్తున్నానమ్మా” అన్నాను.

ఇక్కడితో ఆగిపోయాను. చదివిన రూమ్మేటు ‘బావుంది, ఎక్కడో చదివినట్టుంది’ అన్నాడు. ఆ రెండో మాటే మింగుడుపడట్లేదు. ఎక్కడ తప్పుతోంది?

---

టెక్సాస్‌ఎండ (శనివారం, రాత్రి 11:58)

తమ్ముడూ, మొదటి సెమిస్టరు అందరికీ అంతే. వారాంతం గుడికి వెళ్ళు, ప్రసాదం కడుపునిండా పెడతారు, నలుగురూ పరిచయమవుతారు. ఇండియన్ స్టోర్లో ఫ్రీజర్ వరసలో గోంగూర దొరుకుతుంది. వేసవిలో కుండీలో విత్తనాలు చల్లావంటే టెక్సాస్ ఎండకి నడుమెత్తు పెరుగుతుంది. బెంగంతా సంక్రాంతిలోపు పోతుంది చూడు.

---

కొత్తపెన్ను (ఆదివారం, రాత్రి 12:05)

అన్నా, థ్యాంక్సు. కానీ బెంగ పోగొట్టుకోవడం గురించి కాదు అడిగింది, దాని గురించి రాయడం ఎలాగని. సంచికకి ఇచ్చేదాకా కొంచెం బెంగ మిగిలుంటేనే మంచిది :)

---

పాతకాపు (ఆదివారం, ఉదయం 7:20)

కొత్తపెన్ను గారూ, మీ రూమ్మేటు మంచి పాఠకుడు. ఈ పేరాలో మూడు చోట్ల మీరు చూసి రాయలేదు, ఊహించి రాశారు. ఆ మూడూ దిద్దితే మిగతాది దానంతటదే కదులుతుంది.

మొదటిది కిటికీ. నవంబరులో గడియారం జరిగాక డాలస్‌లో ఆరింటికల్లా చీకటి పడుతుంది. రాత్రి తొమ్మిదికి గదిలో లైటు వేసుకుని కిటికీ దగ్గర నిలబడితే బయట ఏమీ కనపడదు. అద్దంలో మీ గదీ, మీ మొహమూ కనిపిస్తాయి. బయటిది కనపడాలంటే లైటు తీసెయ్యాలి, లేదా నుదురు అద్దానికి ఆనించి రెండు చేతులూ కళ్ళకి అడ్డం పెట్టుకోవాలి. ఈ రెండిట్లో ఏది చేసినా అది ఒక పని. ఆ పని చేసే మనిషి పాఠకుడికి కనపడతాడు. ‘కిటికీలోంచి చూస్తుంటే’ అన్నప్పుడు ఎవరూ కనపడరు.

రెండోది గడియారం. డాలస్‌లో రాత్రి తొమ్మిదైతే మీ అమ్మగారు భోంచేసి పడుకోబోవడం ఎలా? అక్కడ మర్నాడు పొద్దున్న. ఆవిడ పాలు పొంగిస్తూనో, కూరలవాడిని పిలుస్తూనో, మీ నాన్నగారి క్యారేజీ కడుతూనో ఉండాలి. ఇది వట్టి టైము తప్పే అనుకోకండి. ‘తిన్నావా?’ అన్న మాట అర్థమే మారిపోతుంది. పడుకోబోయే ముందు అడిగితే అది లాలన. పొద్దున్న ఎనిమిదిన్నరకి, చేతిలో గరిటెతో, కొడుక్కి అక్కడ రాత్రి అని గుర్తు తెచ్చుకుని మరీ అడిగితే ఆవిడ మనసులో లెక్క కట్టినట్టు. ఆ లెక్క కట్టడం చూపించండి. కళ్ళు చెమర్చడం పాఠకుడికి వదిలెయ్యండి.

మూడోది చిన్నదిగా కనపడుతుంది కానీ నాకు అదే పెద్దది. “డిసెంబరులో ఇండియా వెళ్తున్నానమ్మా.” ఇండియాలో ఉన్న అమ్మతో ఎవరూ అలా అనరు. “వస్తున్నానమ్మా” అంటారు. రూమ్మేటుతో ‘వెళ్తున్నా’, అమ్మతో ‘వస్తున్నా’. ఒకటే ప్రయాణం, ఒకటే టిక్కెట్టు. మాట్లాడేవాడు మనసులో ఎక్కడ నిలబడ్డాడో ఆ క్రియ చెబుతుంది. మన భాషలో ‘నేను ఎక్కడివాణ్ణి’ అన్న ప్రశ్నకి జవాబు ఎక్కువగా ఇలాంటి చిన్న మాటల్లోనే దాక్కుని ఉంటుంది. మామిడిచెట్టు కన్నా అవి నమ్మకమైనవి.

---

అచ్చతెలుగు (ఆదివారం, ఉదయం 9:02)

పాతకాపు గారు చెప్పింది నిజమే. దానికి రెండు కలుపుతాను. ఒకటి, డాలస్‌కీ మనకీ తేడా పదకొండున్నర గంటలు, అది గోడ మీద రాసి పెట్టుకుంటే తప్పు రాదు. రెండు, ‘మన’, ‘మా’ తేడా పాటించాలి. అమ్మతో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ ‘మన ఇల్లు’, బయటివాళ్ళతో ఎప్పుడూ ‘మా ఇల్లు’. ఇంగ్లీషులో ఈ తేడానే లేదు, అన్నిటికీ ఒకటే మాట. సెమిస్టరు, రూమ్మేటు, పార్కింగు లాంటివి ఏరిపారేస్తే భాష తేటపడుతుంది.

---

పాతకాపు (ఆదివారం, ఉదయం 10:15)

అచ్చతెలుగు గారూ, పదకొండున్నర చలికాలంలోనే. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా పదిన్నర. అక్కడ గడియారం జరుగుతుంది, ఇండియాలో జరగదు. రచన నవంబరులో నడుస్తోంది కాబట్టి ఇది సరిగ్గా కథ మధ్యలో వచ్చి పడుతుంది. లెక్క వేసి చూపిస్తాను.

కుర్రాడు ఆగస్టు నుంచి రోజూ రాత్రి 9కి ఫోన్ చేస్తున్నాడనుకోండి. ఇంట్లో అది పొద్దున్న 7:30. నాన్నగారు 8కి బయల్దేరతారు. అంటే ఆయనకి అరగంట ఉంది, ఫోను ఒకసారి ఆయన చేతికి వెళ్తుంది. నవంబరు మొదటి ఆదివారం గడియారం వెనక్కి జరిగింది. ఆ రాత్రి కూడా కుర్రాడు అలవాటు ప్రకారం 9కే చేశాడు. ఇంట్లో సోమవారం 8:30. నాన్నగారు వెళ్ళిపోయారు. గంట ముందు చెయ్యొచ్చుగా అంటే, క్యాంపస్‌లో పని ఉంటుంది. సెమిస్టరు నడిచేటప్పుడు వారానికి 20 గంటలు పనిచెయ్యనిస్తారు, రోజుకి నాలుగు చొప్పున ఐదు రోజులు. సాయంత్రం 4:30 నుంచి 8:30 అనుకుంటే 8కి ఫోన్ చెయ్యడం కుదరదు. ఎవరి తప్పూ లేదు. ఎవరూ పోట్లాడుకోలేదు. ఒక గంట జరిగింది, మార్చి దాకా తండ్రి గొంతు వారంలో ఐదు రోజులు వినపడదు. నాకైతే 800 మాటలకి ఇది చాలు. మాతృభూమీ సప్తసముద్రాలూ అక్కర్లేదు.

ఇంక ‘మన’, ‘మా’. అది మంచి పరీక్షే, కానీ సూత్రం కాదు. హైదరాబాదులో కుర్రాళ్ళు ‘మనకి అవన్నీ పడవు’ అంటే ‘నాకు పడవు’ అని. పెళ్ళయిన అమ్మాయి అమ్మతోనే ‘మా ఇంట్లో’ అంటే అత్తింటి మాట. ఆ ఒక్క మార్పుకి ఆ తల్లి మనసులో ఏదో కలుక్కుమంటుంది కూడా. అంచేత ఎవరు ఎవరితో అంటున్నారో చూసుకుని రాయాలి. రోజూ ‘మన’ అనే మనిషి ఒక రోజు ‘మా’ అంటే అదే సంఘటన.

రూమ్మేటుని ‘సహగదివాసి’ అని రాస్తే మాత్రం అతను గది ఖాళీ చేసి వెళ్ళిపోతాడు.

---

అచ్చతెలుగు (ఆదివారం, ఉదయం 10:31)

పదిన్నర సంగతి ఒప్పుకుంటున్నాను. రూమ్మేటు సంగతి ఒప్పుకోను. ‘గదిలో ఉండే శీను’ అంటే సరిపోతుంది, ఏ మాటా అక్కర్లేదు.

---

పాతకాపు (ఆదివారం, ఉదయం 10:40)

అది బావుంది. కాజేస్తున్నాను.

---

జగిత్యాలపోరడు (ఆదివారం, మధ్యాహ్నం 1:10)

అన్నలూ, మీ లెక్కలన్నీ అమెరికావే. పరాయి దేశమంటే అదొక్కటే గాదు. మా దిక్కు ‘దుబాయి, బొంబాయి, బొగ్గుబాయి’ అని సామెత లెక్క అంటరు, పోరగాండ్ల బతుకు ఆ మూడిట్ల ఏదో ఒకటని. దుబాయికీ ఇంటికీ గంటన్నరే తేడా. పొద్దు ఈడ గూకితే ఆడ కొంచెం సేపటికి గూకుతది. అంటే మీ కథల గడియారం చేసిన పని మా కథల చెయ్యదు. మా దూరం టైముల లేదు, సెలవుల ఉంటది. రెండేండ్లకొకసారి టికెటు ఇస్తరు. బిడ్డ పుట్టినప్పుడు పోకుంటే నడవొచ్చినంకనే చూసుడు. రాసేటోడు ‘చాలా రోజులైంది’ అని రాయొద్దు. బిడ్డకు ఎన్ని పండ్లొచ్చినయో రాయాలె.

రెండో ముచ్చట. ఎండల పని అని అందరు రాస్తరు. ఎమిరేట్స్‌ల జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక పగటీలి 12:30 నుంచి 3 దాక బయటిపని బందు. ఆ రెండున్నర గంటలు మనిషి నీడకు ఒరుగుతడు. ఇంటికాడ అప్పుడు రెండు నుంచి నాలుగున్నర. బువ్వ తిన్నంక ఆడోళ్ళు జరంత తీరుబాటుగ కూసునే టైము. ఫోను కలిసేది అప్పుడే. వట్టి ‘ఎండ’ అని రాస్తే కథ రాదు, ఆ రెండున్నర గంటలల్ల ఉన్నది కథ. ఇంకోటి, ఆడ వాట్సాప్‌ల మెసేజి పోతది గని మాట పోదు, కాల్ బందు చేసి పెట్టిన్రు. బోటిమ్ అసొంటివి పెట్టుకుంటరు. దుబాయి కథల ‘వాట్సాప్ కాల్ చేసిండు’ అని కనవడ్డదంటే రాసినోడు ఆడ ఉన్నోడు గాదని మేము ఒక్క లైనుల పట్టేస్తం.

‘బెంగ’ అనే మాట గూడ మా నోట్ల అంతగ రాదు. రంది అంటం. ఎక్కువైతే మనాది. ‘మనాది పట్టుకున్నది’ అంటే తిండి పోయింది, నిద్ర పోయింది, మనిషి చిక్కిండు అని. ‘యాదికొచ్చింది’ అనేది తేలికది. మూడు వేరే వేరే. సంచికలోళ్ళు అన్నిటిని కలిపి ‘బెంగ’ అని దిద్దుతరు, అదొక రంది.

---

పాతకాపు (ఆదివారం, మధ్యాహ్నం 2:00)

జగిత్యాలపోరడు గారు రాసింది దాచిపెట్టుకోవాలి. ముఖ్యంగా పళ్ళ లెక్క.

సంచికల వాళ్ళు దిద్దుతారన్నది నిజం. పంపేటప్పుడే ‘మాండలికం మార్చవద్దు’ అని పైన ఒక వాక్యం రాసి పంపితే చాలామంది మార్చరు. రాయకపోతే అచ్చుతప్పనుకుని మారుస్తారు.

---

వేగుచుక్క (ఆదివారం, సాయంత్రం 4:25)

డబ్లిన్ నుంచి. నేను రాస్తున్నదాంట్లో చిక్కు వేరు, ఇక్కడే అడగొచ్చా? నా కథలో బెంగ తల్లిది, పిల్లకి ఏ బెంగా లేదు. ఏడేళ్ళ పిల్ల “మీ ఇండియాలో కూడా ఇలాగే వాన పడుతుందా?” అని అడుగుతుంది. తల్లి గుండెలో ఆ ‘మీ’ గుచ్చుకుంటుంది. దాని తరవాత తల్లి ఆలోచనలు ఒక పేజీ రాశాను. చదివినవాళ్ళు ఆ పేజీ దాటేశామన్నారు.

---

మెంతికూర (ఆదివారం, సాయంత్రం 5:05)

వేగుచుక్క గారూ, ఆ పేజీ తీసేసి తల్లి చేత జవాబు చెప్పించండి. “మన ఇండియాలో” అని దిద్దుతుందా, “మా ఇండియాలో” అని ఒప్పుకుంటుందా, ఏదీ అనకుండా “అక్కడ వాన వెచ్చగా ఉంటుంది” అంటుందా? మూడూ మూడు తల్లులు. ఏ తల్లో మీరు తేల్చుకుంటే పేజీ అక్కర్లేదు. తేల్చుకోలేదు కాబట్టే పేజీ వచ్చింది.

---

వేగుచుక్క (ఆదివారం, సాయంత్రం 5:30)

మూడోది. ఇప్పుడే తేలింది. కానీ పిల్ల ‘మీ’ అన్నది గౌరవానికా, నిజంగానే వేరు చేస్తోందా అని చదివేవాళ్ళకి అనుమానం వస్తుందేమో?

---

మెంతికూర (ఆదివారం, సాయంత్రం 5:48)

పిల్ల తల్లిని ‘నువ్వు’ అని పిలుస్తుందని ముందే ఒక మాటలో వినిపించండి. “అమ్మా, నా సాక్సు చూశావా?” చాలు. అప్పుడు ‘మీ’ అన్నది గౌరవం కాదని, అమ్మనీ నాన్ననీ కలిపి అవతల గట్టున పెట్టిందని తెలిసిపోతుంది.

---

కొత్తపెన్ను (ఆదివారం, రాత్రి 10:50)

పొద్దుట్నుంచి చదువుతూనే ఉన్నాను. గడియారం లెక్క పెట్టుకుని మళ్ళీ రాశాను. చూడండి:

> గడియారం వెనక్కి జరిపిన ఆదివారం రాత్రి, తొమ్మిది. అమ్మ రెండో రింగుకే ఎత్తింది.
>
> “ఇవాళ ఆలస్యమైందేం? నాన్న ఇప్పుడే బండి తీశారు.”
>
> “ఆలస్యం కాలేదమ్మా. ఇక్కడ గడియారం గంట వెనక్కి పెట్టారు.”
>
> “ఎవరు?”
>
> “అందరూ.”
>
> అమ్మ కాసేపు మాట్లాడలేదు. కుక్కరు రెండో కూత వేసింది.
>
> “అయితే రేపట్నుంచి ఎనిమిదింటికి చెయ్యి.”
>
> “ఎనిమిదింటికి పనిలో ఉంటాను.”
>
> “పోన్లే. ఆదివారం చెయ్యి. నాన్న ఇంట్లో ఉంటారు.” మళ్ళీ తనే సర్దుకుంది. “ఆదివారమంటే మీకు శనివారం కదూ.”

ఇది రాసేటప్పుడు చివరి వాక్యం దానంతటదే వచ్చింది. ఎందుకో అక్కడ ఆపెయ్యాలనిపించింది. కానీ 800లో ఇంకా ఏడు వందల పైనే మిగిలున్నాయి.

---

పాతకాపు (సోమవారం, ఉదయం 6:45)

ఎందుకు ఆపెయ్యాలనిపించిందో చెబుతాను. ఆవిడ మిమ్మల్ని ‘చెయ్యి’ అంటోంది, అంటే నువ్వు. అలాంటప్పుడు ‘మీకు శనివారం’ అన్న ‘మీకు’ ఎవరికి? మీకొక్కరికీ కాదు. మీకూ, ఆ ఊళ్ళో గడియారం జరిపిన ‘అందరికీ’ కలిపి. కొన్ని వాక్యాల ముందు మీరే “అందరూ” అన్నారు, అమ్మ మిమ్మల్ని తీసుకెళ్ళి ఆ అందరిలో కలిపేసింది. నొప్పించాలని కాదు, కొడుకు టైము తప్పకుండా ఉండాలని లెక్క కట్టుకుంటూ అనేసింది. ఇంగ్లీషులో ఇది ఇంత చిన్నగా జరగదు.

దయచేసి దీని కింద ‘ఆ మాటతో నేను పరాయివాణ్ణయిపోయాను’ అని రాయకండి.

---

మెంతికూర (సోమవారం, ఉదయం 8:12)

నాకు ఒప్పుదల లేదు. మా గోదావరి వైపు ఇళ్ళల్లో ఆ చోట “మీకు” కన్నా “అక్కడ శనివారం కదూ” అంటారు. ‘అక్కడ’ అన్నది మామూలు మాట. ‘మీకు’ పెడితే రచయిత వేలు కనపడుతోంది. పాఠకుడు ఆ వేలు చూస్తాడు, అమ్మని చూడడు.

---

పాతకాపు (సోమవారం, ఉదయం 8:30)

రెండూ అంటారండీ. “మీకక్కడ ఇప్పుడెంతయింది?” అన్నది ఫోనులో వినపడే మాటే.

---

మెంతికూర (సోమవారం, ఉదయం 8:41)

‘మీకక్కడ’ అయితే ఒప్పుకుంటాను. ‘అక్కడ’ పక్కన ఉంటే ‘మీకు’ దాగుతుంది. వట్టి ‘మీకు’ నాకు ఇప్పటికీ అతిగానే ఉంది.

---

జగిత్యాలపోరడు (సోమవారం, ఉదయం 9:20)

మా అమ్మలైతే ‘మీకాడ’ అంటరు. ‘మీకాడ వానలు వడ్తున్నయా బిడ్డా’ అని. మరి మాది రచయిత వేలా?

---

ఊరగాయజాడి (సోమవారం, ఉదయం 11:15)

మిగిలిన ఏడు వందల మాటల సంగతి. మొదటి పేరాలో ఆవకాయ పేరు ఎత్తావు, రెండోదాంట్లో తీసేశావు. నన్నడిగితే తీసెయ్యక్కర్లేదు. ఆవకాయ అరిగిపోయిన మాటే, ఎందుకంటే అందరూ పేరు చెప్పి ఊరుకుంటారు. అది ఏ స్థితిలో ఉందో చెప్పరు.

ఆవకాయ పెట్టేది వేసవిలో. నువ్వు ఆగస్టులో బయల్దేరేటప్పటికి దానికి రెండు మూడు నెలల వయసు, ఊరి, ముక్క గట్టిగా, నూనె పైకి తేలి ఉంటుంది. అక్కడ ఏం చేస్తారు? అన్నంలో కలిసేది గుజ్జు కాబట్టి ముందు గుజ్జు అయిపోతుంది, ముక్కలు మిగులుతాయి. నూనె ముక్కల కిందికి దిగితే పైన గాలి తగిలినచోట తెల్లగా బూజు పడుతుంది. తడి చెంచా పెడితే ఇంకా ముందే పడుతుంది. భయపడి ఫ్రిజ్‌లో పెడతారు. వేరుశెనగ నూనె పోసిందైతే ఫ్రిజ్‌లో మసకబారి చిక్కబడుతుంది, చెంచా దిగదు. పప్పునూనె, అదే నువ్వులది, పోసిందైతే జారుగానే ఉంటుంది. అంచేత ఒకే గదిలో ఇద్దరబ్బాయిల సీసాలు పక్కపక్కన పెడితే ఎవరి ఇంట్లో ఏ నూనె వాడతారో ఫ్రిజ్ చెప్పేస్తుంది.

నీ కథలో ఈ సీసాని గడియారంలా వాడుకోవచ్చు. ఆగస్టులో నిండుగా, నవంబరులో గుజ్జు సగానికి, మార్చిలో గడియారం మళ్ళీ ముందుకి జరిగేసరికి అడుగున నాలుగు మెత్తబడ్డ టెంక ముక్కలు. మార్చిలో నాన్న గొంతు మళ్ళీ వినపడుతుంది కదా, ఆ రోజుకి సీసా ఖాళీ. రెండూ ఒకే పేరాలో పెట్టు, వ్యాఖ్యానం చెయ్యకు.

---

అచ్చతెలుగు (సోమవారం, మధ్యాహ్నం 12:40)

సంక్రాంతి సంచిక కదా, మార్చి దాకా వెళ్తే ఎలా? భోగితో ముగించమనండి. ఈసారి లెక్క సరిగ్గా వేశాను, చూసుకోండి: ఊళ్ళో తెల్లవారుజామున 4:30కి భోగి మంట వేస్తే డాలస్‌లో ముందురోజు సాయంత్రం 5 గంటలు. అంటే అతను పనిలో ఉంటాడు. పండగ అతని తేదీలో ఇంకా రాకముందే ఇంటి దగ్గర మొదలైపోయింది.

---

పాతకాపు (సోమవారం, మధ్యాహ్నం 1:05)

లెక్క సరిగ్గా ఉంది. వీడియో కాల్లో మంట చూపించే పని మాత్రం పెట్టకండి, ప్రతి సంచికలోనూ మూడు ఉంటాయి. చీకట్లో మంట ఎదురుగా ఫోను పట్టుకుంటే తెర మీద కనపడేది ఒక తెల్లటి మచ్చ, చుట్టూ నలుపు. మనుషుల మొహాలు తెలియవు. గొంతులు మాత్రం వినపడతాయి. రాయాలనుకుంటే ఆ మచ్చని రాయండి.

---

టెక్సాస్‌ఎండ (సోమవారం, సాయంత్రం 6:30)

నేను మొదట ప్రశ్న తప్పుగా అర్థం చేసుకున్నాను, కానీ ఇంత చర్చలో ఒకటి ఎవరూ అనలేదు. ఇంట్లో ‘మనోళ్ళు’ అంటే బంధువులు. ఇక్కడికి వచ్చాక తెలుగు మాట్లాడే ఎవరైనా మనోళ్ళే. స్టోర్లో వెనకనుంచి తెలుగు వినపడితే మొహం వికసిస్తుంది. తరవాత రెండు నిమిషాలకి ‘ఏ ఊరు?’, ఆ ఊరు చెప్పాక ‘ఇంటిపేరు?’ అని వస్తుంది. అక్కడ మళ్ళీ ‘మనోళ్ళు’ చిన్నదైపోతుంది. ఆ మూడో ప్రశ్న దేనికి అడుగుతారో అందరికీ తెలుసు, సంచికల్లో ఎవరూ రాయరు.

---

మెంతికూర (సోమవారం, సాయంత్రం 6:52)

గోంగూర దగ్గర మొదలుపెట్టి భలేచోటికి వచ్చారు. రాసినా వేస్తారా అన్నది వేరే సంగతి. వెయ్యించాలంటే తీర్పు చెప్పకుండా ఆ మూడు ప్రశ్నలూ ఆ వరసలో రాసి, మూడోదానికి కుర్రాడు ఏం జవాబిచ్చాడో చెప్పకుండా వదిలెయ్యడమే దారి.

---

కొత్తపెన్ను (సోమవారం, రాత్రి 11:20)

ఫోను, సీసా, భోగి. మూడూ పెడితే 800 దాటుతోంది, వెయ్యీ నలభై వచ్చింది. ఏది తియ్యను?

---

పాతకాపు (మంగళవారం, ఉదయం 6:50)

భోగి తియ్యండి. సంక్రాంతి సంచికలో సంక్రాంతి లేని రచన ఒకటైనా ఉండనివ్వండి.

---

ఊరగాయజాడి (మంగళవారం, ఉదయం 7:30)

సీసా తీసినా నాకేం అభ్యంతరం లేదు, భోగి ఉంచు. సీసా వేసవి సంచికకి పనికొస్తుంది.

---

మెంతికూర (మంగళవారం, ఉదయం 8:05)

ఏది తీసినా సరే, ‘మీకక్కడ’ అని మార్చావా లేదా?

---

కొత్తపెన్ను (మంగళవారం, రాత్రి 10:10)

భోగి తీసేశాను, 790 వచ్చింది. ఇవాళ అమ్మతో మాట్లాడేటప్పుడు ఏ మాట అంటుందా అని చెవి రిక్కించి విన్నాను. “నీకిప్పుడు నిద్రపోయే టైమేగా” అంది. ‘మీకు’ కాదు, ‘అక్కడ’ కాదు. ఇప్పుడు ఏది రాయాలో మళ్ళీ తేలలేదు. సంచిక వాళ్ళ గడువు శుక్రవారం.